ఎక్సెల్ నుంచి ఈఆర్పీకి: పార్టీల బాకీలు, స్టాకు తప్పుల్లేకుండా ఎలా ఎక్కించాలి

ఒడిశాలోని రాయగడలో సిమెంటు, ఇనప చువ్వలు, పైపులు అమ్మే ఒక హోల్‌సేల్ కొట్టు ఉందనుకోండి. కొనేవాళ్లు కొందరు గుణుపూర్, మునిగుడ, బిస్సం కటక్ వైపు ఉంటారు. మరికొందరు సరిహద్దు దాటి కొమరాడ, పార్వతీపురం వైపు. ఏళ్ల తరబడి లెక్కలన్నీ ఎక్సెల్‌లోనే నడిచాయి. ఒక షీట్‌లో బిల్లులు, ఒక షీట్‌లో వసూళ్లు, ఇంకో షీట్‌లో "ఎవరెంత ఇవ్వాలి" అనే మొత్తాలు. ఇప్పుడు ఏప్రిల్ 1 నుంచి ఈఆర్పీలో, అంటే బిల్లులు, స్టాకు, ఖాతాలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్‌లో, బిల్లు కొట్టాలి. ఆ కొట్టు లెక్కలు చూసేది మీరే అనుకుని ఇది రాస్తున్నాను. స్క్రీన్ మీది పేర్లు ఈఆర్పీనెక్స్ట్‌వి ఇస్తాను. మీది వేరే సాఫ్ట్‌వేర్ అయినా పని వరుస ఇదే. అంకెలు మాత్రం లెక్క చూపించడానికి నేను వేసుకున్నవి.

ముందే ఒక మాట. బ్యాంకు బ్యాలెన్స్ తప్పు పడితే స్టేట్‌మెంట్ పట్టిస్తుంది. స్టాకు తప్పు పడితే గోడౌన్‌లో లెక్క పెడితే తేలుతుంది. పార్టీల బాకీ ఏ బిల్లు మీద ఎంత మిగిలిందో తప్పు పడితే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. మొత్తం సరిపోతుంది, ట్రయల్ బ్యాలెన్స్ సరిపోతుంది, మూడు నెలల తరువాత గుణుపూర్ పార్టీతో ఫోన్‌లో గొడవ మొదలవుతుంది. కాబట్టి ఎక్కువ టైమ్ బాకీల మీదే పెట్టండి.

మొదటి పని: తేదీ ఖాయం చేసి పాత ఫైల్‌కు తాళం వేయడం

మార్చి 31 రాత్రి నాటి బ్యాలెన్స్, ఏప్రిల్ 1 నుంచి కొత్త బిల్లులు. దీన్ని మించిన తేదీ లేదు. లాభనష్టాల ఖాతాలు ఆ రోజుతో మూసేసి తేడా క్యాపిటల్‌లో కలిపేస్తారు కాబట్టి ఆస్తులు, అప్పులు మాత్రమే మోసుకెళ్తే చాలు. బిల్లు నంబర్ల సిరీస్ కూడా ఎలాగూ కొత్తదే. సంవత్సరం మధ్యలో మారితే అప్పటిదాకా జరిగిన అమ్మకాలు, ఖర్చులు కూడా తీసుకెళ్లాల్సి వస్తుంది. ఆ తలనొప్పి కోరి తెచ్చుకోకండి.

అసలు ఫైల్‌ను ముట్టుకోవద్దు. దాని కాపీ మీదే పని చేయండి. అసలు దాన్ని చదవడానికి మాత్రమే వీలుండేలా పెట్టి, షావుకారు దగ్గర ఒక కాపీ, ఆడిటర్ దగ్గర ఒక కాపీ ఉంచండి. శుభ్రం చేసే పని మార్చి 31న కాదు, ఫిబ్రవరిలో మొదలుపెట్టాలి. పేర్లు, చిరునామాలు, ఐటమ్ లిస్టు ముందే ఎక్కించొచ్చు. ఆ రాత్రికి అంకెలు మాత్రమే మిగలాలి.

రెండో పని: ఒకే పార్టీ ఎన్ని పేర్లతో ఉందో పట్టుకోవడం

మన వైపు దీనికో ప్రత్యేకమైన చిక్కు ఉంది. తెలుగు గుమాస్తా Venkateswara అని కొడతాడు. ఒడియా గుమాస్తా అదే పేరును Benkateswar అని కొడతాడు. ఒకరు Lakshmi, ఇంకొకరు Laxmi. ఒకరు Gowri Sankar, ఇంకొకరు Gouri Shankar. తొందరలో ఉన్నవాళ్లు S V Traders GNP అని వదిలేస్తారు. ఎక్సెల్‌కు ఇవన్నీ వేరువేరు పార్టీలు. అక్షర క్రమంలో పెట్టి కళ్లతో వెతికినా B ఒక చోట, V ఇంకో చోట ఉంటాయి కాబట్టి దొరకవు.

అందుకే పేరుతో వెతకడం మానేసి జీఎస్టీ నంబర్‌తో వెతకండి. 15 అక్షరాల ఆ నంబర్‌లో మొదటి రెండు రాష్ట్రం కోడ్. ఒడిశాకు 21, ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. తరువాతి పది అక్షరాలు ఆ వ్యాపారి పాన్. నంబర్ B కాలమ్‌లో ఉందనుకుంటే, ముందు దాన్ని C కాలమ్‌లో శుభ్రం చేయండి. వాట్సాప్ నుంచో వెబ్‌పేజీ నుంచో కాపీ చేసిన నంబర్లలో కంటికి కనిపించని ఖాళీ ఒకటి ఉంటుంది. మామూలు TRIM దాన్ని తీయలేదు.

```
C2:  =UPPER(SUBSTITUTE(SUBSTITUTE(B2,CHAR(160),"")," ",""))
D2:  =LEN(C2)
E2:  =MID(C2,3,10)
F2:  =COUNTIF(E:E,E2)
```

D కాలమ్‌లో 15 కానివన్నీ తప్పు నంబర్లే. సరిగ్గా 15 ఉన్నా సున్నా బదులు O అక్షరం పడి ఉండొచ్చు. పాన్‌లో మొదటి ఐదు అక్షరాలు, తరువాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం ఉండాలి. ఆ నాలుగు అంకెల చోట O కనిపిస్తే అది టైపింగ్ తప్పు. అనుమానం ఉన్న ప్రతి నంబర్‌నూ జీఎస్టీ పోర్టల్‌లో వెతికి, అక్కడున్న పేరే కొత్త సిస్టమ్‌లో పెట్టండి. గుమాస్తాల స్పెల్లింగ్ తగాదా అక్కడితో తీరిపోతుంది. పార్టీని అందరూ పిలిచే పేరు వేరే ఉంటే, దాన్ని వెతకడానికి వీలుగా ఇంకో గడిలో రాసుకోండి.

F కాలమ్‌లో 1 కంటే ఎక్కువ వచ్చినచోట ఆగి చూడాలి. అన్నీ కలిపేయకూడదు. C కాలమ్‌లో పూర్తి నంబర్ కూడా ఒకటే అయితే అది ఒకే పార్టీ, కలిపేయండి. పాన్ ఒకటే ఉండి మొదటి రెండంకెలు ఒకచోట 21, ఇంకోచోట 37 ఉంటే, ఆ మనిషికి రాయగడలో ఒక కొట్టు, పార్వతీపురంలో ఒక కొట్టు ఉన్నట్టు. ఆయన ఒక్కడే, రిజిస్ట్రేషన్లు రెండు. మీరు రాయగడ నుంచి పంపే సరుకుకు 21 నంబర్ మీద సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడతాయి. 37 నంబర్ మీద ఐజీఎస్టీ పడుతుంది. కలిపేసి ఒకే నంబర్ ఉంచితే పన్ను తప్పు పడుతుంది, అవతలి కొట్టుకు క్రెడిట్ అందదు. వసూలు ఒకే చేతి నుంచి వస్తుంటే ఒక కస్టమర్ కింద రెండు చిరునామాలు పెట్టి, ఒక్కో చిరునామాకు దాని నంబర్ ఇవ్వండి. అన్నదమ్ములు విడిపోయి ఎవరి లెక్క వాళ్లు చూసుకుంటుంటే రెండు కస్టమర్లుగా ఉంచండి. ఇది షావుకారును అడిగి తేల్చాల్సిన సంగతి, ఫార్ములా చెప్పదు.

జీఎస్టీ నంబర్ లేని చిన్న పార్టీలకు ఫోన్ నంబర్‌లో చివరి పది అంకెలతో ఇదే పని చేయండి. నంబర్ లేని వరుసలు E కాలమ్‌లో ఖాళీగా వస్తాయి. వాటిని ముందే ఫిల్టర్ చేసి పక్కన పెట్టుకోండి, లేకపోతే ఖాళీలన్నీ ఒకే పార్టీలా కనిపిస్తాయి.

చిరునామాలో పిన్‌కోడ్ కూడా చూడండి. ఒడిశా పిన్‌లు 75, 76, 77తో మొదలవుతాయి. ఆంధ్రప్రదేశ్‌వి 51, 52, 53తో. రాయగడ 765001, పార్వతీపురం 535501. రాష్ట్రం ఒడిశా అని ఉండి పిన్ 535తో మొదలైతే ఈ రెండింట్లో ఒకటి తప్పు. ఇప్పుడు వదిలేస్తే లారీలో సరుకు ఎక్కించాక, ఈ-వే బిల్లు దగ్గర బయటపడుతుంది. పార్వతీపురం వైపు పాత చిరునామాల్లో విజయనగరం జిల్లా అనే ఉంటుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లా. అదీ మార్చేయండి.

మూడో పని: తేదీలు, బిల్లు నంబర్లు

ఎక్సెల్‌లో తేదీలా కనిపించేదంతా తేదీ కాదు. బిల్లుల షీట్‌లో తేదీ D కాలమ్‌లో ఉంటే పక్కన ఇది పెట్టండి.

```
=ISNUMBER(D2)
```

FALSE వస్తే అది అక్షరాలుగా ఉన్న తేదీ. ఇక్కడ అసలు ప్రమాదం TRUE వచ్చినవాటిలోనే ఉంది. ఆ కంప్యూటర్ అమెరికా పద్ధతిలో సెట్ అయి ఉంటే, మార్చి 5న కొట్టిన 05/03 మే 3గా మారిపోతుంది. 24/03 అయితే 24వ నెల లేదు కాబట్టి మార్చలేక అక్షరాలుగానే వదిలేస్తుంది. కనుక ఒకే కాలమ్‌లో 13 నుంచి 31 వరకు ఉన్న తేదీలన్నీ FALSE వచ్చి, 12 లోపు తేదీలన్నీ TRUE వచ్చాయంటే రోజు, నెల తారుమారయ్యాయని అర్థం. మార్చి 31 తరువాతి తేదీతో పాత బిల్లు కనిపించినా అదే కారణం. FALSE వచ్చినవాటిని మాత్రమే సరిచేసి ఊరుకుంటే తప్పు తేదీలు అలాగే ఉండిపోతాయి.

బిల్లు నంబర్లకూ ఇదే గతి. 3/24 అని కొట్టిన బిల్లు నంబర్ Mar-24 అయి కూర్చుంటుంది. ఇలాంటివి వెనక్కి మార్చడం అన్నిసార్లూ కుదరదు, బిల్లు పుస్తకం తీసి చూడాల్సిందే. కొత్త ఫైల్‌లో ఆ కాలమ్‌ను ముందుగా Text ఫార్మాట్‌లో పెట్టి ఆ తరువాతే నంబర్లు కొట్టండి.

నాలుగో పని: బాకీని బిల్లులుగా విడదీయడం

పాత షీట్‌లో గుణుపూర్ పార్టీ ఎదురుగా 84,250 అని ఒక్క అంకె ఉంటుంది. దాన్ని అలాగే మార్చి 31 తేదీతో ఒక ఓపెనింగ్ బిల్లుగా ఎక్కించేయడం చాలామంది చేసే పని. చేయకండి. అలా చేస్తే ఆ పార్టీ బాకీ అంతా ఆ రోజే పుట్టినట్టవుతుంది. ఎన్ని రోజులుగా ఆగిందో చూపించే రిపోర్టు పనికిరాదు. గడువు దాటిన పార్టీకి కూడా సరుకు వెళ్లిపోతుంది. ఏప్రిల్‌లో ఆయన "జనవరి బిల్లు తీర్చేస్తున్నాను" అని డబ్బు పంపితే, దాన్ని ఏ బిల్లుకు కట్టాలో కూడా తెలియదు.

మన వైపు పార్టీలు బిల్లు చూసి ఇవ్వరు. సంతకు వచ్చినప్పుడు ఇరవై వేలో ముప్పై వేలో ఇచ్చి "ఖాతాలో వేసుకోండి" అంటారు. ఆ పార్టీ లెక్క ఇలా ఉంది. డిసెంబర్ 18న 412 నంబర్ బిల్లు 38,400. జనవరి 22న 455 నంబర్ 51,250. మార్చి 5న 503 నంబర్ 27,900. మార్చి 24న 531 నంబర్ 44,600. మొత్తం 1,62,150. వసూళ్లు మూడు: జనవరి 10న 20,000, ఫిబ్రవరి 14న 30,000, మార్చి 12న 25,000. కలిపితే 75,000. తీసేస్తే 87,150 మిగలాలి. మొత్తాల షీట్ మాత్రం 84,250 అంటోంది. తేడా 2,900.

ముందుగా పాత బిల్లు నుంచి కొట్టేసుకుంటూ వెళ్లే పద్ధతి చూద్దాం. 75,000లో 412 పూర్తిగా తీరిపోతే 36,600 మిగులుతుంది. అది 455లోకి వెళ్తే ఆ బిల్లు మీద 14,650 బాకీ. 503, 531 పూర్తిగా బాకీ. లెక్క చక్కగానే కనిపిస్తోంది, 2,900 తేడా మాత్రం తేలలేదు.

ఇప్పుడు ఎక్సెల్‌లో ఆ పార్టీ వరుస మీద మూలన చిన్న ఎర్ర గుర్తు ఉందేమో చూడండి. అది నోట్, పాత ఎక్సెల్‌లో కామెంట్ అనేవాళ్లు. గుమాస్తా అందులో "503 పైపులు వాపసు 2900" అని రాసి, మొత్తాల గడిలో చేత్తో తగ్గించేశాడు. బిల్లుల షీట్‌లో ఆ సంగతి లేదు. 27,900లో 2,900 పోతే 25,000. మార్చి 12న వచ్చిందీ సరిగ్గా 25,000. ఫోన్ చేస్తే పార్టీ కూడా అదే అంటాడు: "ఆ పాతిక వేలు మార్చి పైపుల బిల్లుకే కదా బాబూ, వాపసు పోను లెక్క కట్టే ఇచ్చాను."

అంటే 503 పూర్తిగా తీరిపోయింది. మిగిలిన 50,000 మాత్రమే పాత బిల్లుల నుంచి కొట్టేయాలి. 412 తీరి 11,600 మిగులుతుంది, అది 455లో పోతే 39,650 బాకీ. 531 మీద 44,600. రెండూ కలిపితే 84,250. ఇప్పుడు సరిపోయింది.

రెండు లెక్కలకూ మధ్య తేడా 2,900 మాత్రమే అనుకోకండి. మార్చి 31 నాటికి 455 నంబర్ బిల్లుకు 68 రోజులు. మొదటి లెక్కలో 60 రోజులు దాటిన బాకీ 14,650. సరైన లెక్కలో 39,650. ఈ పార్టీకి ఇంకో లోడు పంపాలా వద్దా అని షావుకారు చూసేది ఆ అంకెనే. అందుకే పాత బిల్లు నుంచి కొట్టేయడం చివరి దారి. ముందుగా వసూలు మొత్తం ఏదైనా బిల్లుకో, వాపసు పోను మిగిలిన బిల్లుకో అచ్చంగా సరిపోతుందేమో చూడాలి.

ఆ వాపసుకు క్రెడిట్ నోట్ ఇచ్చారో లేదో కూడా ఇప్పుడే చూడండి. ఇవ్వకపోతే పన్ను ఇంకా 27,900 మీదే ఉన్నట్టు. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 వరకు జీఎస్టీలో దాన్ని చూపించే వీలుంది, కానీ మార్చి 31 లోపు పాత లెక్కల్లోనే ఇచ్చేస్తే ఓపెనింగ్ బ్యాలెన్స్ మీద అతుకు పడదు.

ముందు తేదీ వేసి ఇచ్చిన చెక్కులు ఇంకో చిక్కు. ఏప్రిల్ 10 తేదీ చెక్కు చేతికి రాగానే కొందరు షీట్‌లో వసూలుగా రాసేస్తారు. మార్చి 31 నాటికి అది వసూలు కాదు. వెనక్కి తీసి బాకీలో కలపండి.

ఇలా విడదీసిన బిల్లులన్నీ ఒక కొత్త షీట్‌లో పెట్టండి. ఒక వరుసకు ఒక బిల్లు: పార్టీ, బిల్లు నంబర్, తేదీ, గడువు తేదీ, మిగిలిన బాకీ. షీట్ పేరు Bills, పార్టీ A కాలమ్, బాకీ E కాలమ్ అయితే, మొత్తాల షీట్‌లో పార్టీ A కాలమ్, మొత్తం B కాలమ్ అనుకుని పక్కన ఇది రాయండి.

```
=SUMIFS(Bills!E:E,Bills!A:A,A2)-B2
```

ఎదురుగా మైనస్ అంకె ఉన్న పార్టీల సంగతి ఆరో పనిలో చూద్దాం, మిగతా ప్రతి వరుసలోనూ సున్నా రావాలి. రాని ప్రతిచోటా 2,900 లాంటి కథ ఒకటి ఉంటుంది. పది రూపాయల లోపు తేడాలు రౌండింగ్‌వి. వాటి కోసం రాత్రంతా కూర్చోకుండా షావుకారు ఒప్పుకుంటే పాత పుస్తకాల్లోనే రద్దు చేసేయండి.

తరువాత ఒక్కో పార్టీకి తన బిల్లుల జాబితా వాట్సాప్‌లో పంపి, ఒప్పుకుంటున్నట్టు జవాబు తీసుకోండి. అందరి దగ్గరా కుదరకపోతే పెద్ద బాకీల నుంచి మొదలుపెట్టండి. మొత్తం మాత్రమే పంపితే "సరే" అనేస్తారు. బిల్లువారీగా పంపితేనే చదివి తప్పు పట్టుకుంటారు.

ఐదో పని: స్టాకు

ఇక్కడ ఒక్క ఉదాహరణ మీద నిలబడతాను, ఎందుకంటే ఇనుములో దాదాపు అందరూ పడే గొయ్యి ఇదే. 12 ఎంఎం చువ్వలు టన్నుల్లో కొంటారు, ముక్కల్లో అమ్ముతారు. 12 మీటర్ల ముక్క బరువు సుమారు 10.66 కిలోలు. షీట్‌లో కొన్నది 2,000, అమ్మినది 150, మిగిలింది 1,850 అని ఉంటుంది. కొన్నది కిలోలు, అమ్మినది ముక్కలు. నిజానికి 150 ముక్కలంటే 1,599 కిలోలు. మిగలాల్సింది 401 కిలోలు, అంటే ముప్పై ఏడెనిమిది ముక్కలు. ఈఆర్పీలో ఐటమ్‌కు కిలోను మూల కొలతగా పెట్టి, ఒక ముక్క 10.66 కిలోలు అని మార్పిడి ఇవ్వండి. ఒకసారి లావాదేవీ పడ్డాక మూల కొలతను మార్చనివ్వదు. కాబట్టి ఇది ఫిబ్రవరిలోనే తేల్చుకోవాలి.

ఆ తరువాత షీట్‌లోని స్టాకును నమ్మకుండా మార్చి 31 సాయంత్రం కొట్టు మూశాక గోడౌన్‌లో లెక్కపెట్టండి. ధర కొన్న ధరే వేయాలి. జీఎస్టీ క్రెడిట్ తీసుకున్న సరుకైతే పన్ను కలపకూడదు. పన్ను కలిపి వేస్తే 31,40,000 విలువైన స్టాకు 18 శాతం చొప్పున 37,05,200 అయిపోతుంది, అంతమేర క్రెడిట్ రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. ఐటమ్ లిస్టులో పన్ను రేటు కూడా చూసుకోండి. సిమెంటు మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం పోయి 18 అయింది. పాత షీట్ నుంచి కాపీ చేస్తే 28 వచ్చేస్తుంది.

దారిలో ఉన్న లారీని మర్చిపోవద్దు. విశాఖ సప్లయర్ మార్చి 30న బిల్లు వేశాడు, సరుకు ఏప్రిల్ 2న దిగింది. ఆయన బాకీ మీ లెక్కలో ఉండి, సరుకు గోడౌన్ లెక్కలో లేకపోతే ఆ మొత్తం తేడా వస్తుంది. దారిలో ఉన్న సరుకు అని విడిగా చూపించండి.

ఆరో పని: ఎక్కించడం

ఈఆర్పీనెక్స్ట్‌లో Temporary Opening అనే ఖాతా ఉంటుంది. ఎక్కించే ప్రతిదానికీ రెండో వైపు అందులో పడుతుంది. అంతా అయ్యాక అది సున్నా కావాలి. ట్యాలీ వాడినవాళ్లకు "డిఫరెన్స్ ఇన్ ఓపెనింగ్ బ్యాలెన్సెస్" గుర్తుండే ఉంటుంది, అలాంటిదే.

ముందు ఆడిటర్ ఇచ్చిన ట్రయల్ బ్యాలెన్స్ చూడండి. స్టాకు 31,40,000. పార్టీల బాకీ 24,01,000. బ్యాంకు 3,12,000, నగదు 62,000, వ్యాను, ఫర్నిచర్ 5,00,000, జీఎస్టీ క్రెడిట్ 1,10,000. అటువైపు సప్లయర్లకు ఇవ్వాల్సింది 18,75,000, బ్యాంకు సీసీ అప్పు 15,00,000, క్యాపిటల్ 31,50,000. రెండు వైపులా 65,25,000.

Opening Invoice Creation Toolలో పార్టీల బిల్లులు ఎక్కించండి. ఒక్కో బిల్లుకు మిగిలిన బాకీ మొత్తం మాత్రమే ఇవ్వాలి. సరుకు వివరాలు, పన్ను వేయొద్దు. వేస్తే పాత అమ్మకం మళ్లీ అమ్మకంగా పడి స్టాకు తగ్గుతుంది, జీఎస్టీఆర్-1లోకి కూడా వచ్చేస్తుంది. తేదీ అసలు బిల్లు తేదీ. కిందటేడాది బిల్లులుంటే ఆ ఆర్థిక సంవత్సరం సిస్టమ్‌లో ముందే సృష్టించి ఉండాలి. సప్లయర్ల బిల్లులూ అక్కడే. స్టాకుకు Stock Reconciliation తెరిచి Opening Stock ఎంచుకోండి. మిగతావన్నీ ఒకే Journal Entryలో, రకం Opening Entry. సప్లయర్లు, స్టాకు, పార్టీల బాకీ ఇందులో మళ్లీ వేయొద్దు, అవి రెండుసార్లు పడతాయి.

లెక్క చూద్దాం. మన Bills షీట్‌లో బిల్లుల మొత్తం 24,86,000 వచ్చింది, అంతా ఎక్కింది. Temporary Openingలో 24,86,000 క్రెడిట్. సప్లయర్ల 18,75,000 డెబిట్. స్టాకు 31,40,000 క్రెడిట్. ఇప్పటికి 37,51,000 క్రెడిట్‌లో ఉంది. జర్నల్‌లో బ్యాంకు, నగదు, వ్యాను, జీఎస్టీ కలిపి డెబిట్ 9,84,000. సీసీ, క్యాపిటల్ కలిపి క్రెడిట్ 46,50,000. జర్నల్ సరిపోవాలంటే Temporary Openingలో 36,66,000 డెబిట్ వేయాలి. వేస్తే 85,000 క్రెడిట్ మిగిలిపోయింది.

ఇక్కడే చాలామంది కంగారుపడి ఆ 85,000ను క్యాపిటల్‌లో కొట్టేస్తారు. అలా చేస్తే ఆ డబ్బు ఎవరిదో ఎప్పటికీ తెలియదు. ఆడిటర్ లిస్టులో 24,01,000 ఉండి మన బిల్లుల మొత్తం 24,86,000 ఎందుకైందో చూడండి. పాత మొత్తాల షీట్‌లో మూడు పార్టీల ఎదురుగా మైనస్ అంకెలున్నాయి. వాళ్లు సరుకు కోసం ముందే డబ్బిచ్చారు. కూడిక వేస్తే అవి మిగతావాళ్ల బాకీలోంచి తగ్గిపోయాయి. మూడూ కలిపితే సరిగ్గా 85,000. వాటిని మైనస్ బిల్లులుగా ఎక్కించొద్దు. అదే Opening Entryలో ఒక్కో పార్టీ పేరుతో అడ్వాన్స్ అని గుర్తు పెట్టి క్రెడిట్ వేయండి, Temporary Opening డెబిట్ 37,51,000 అవుతుంది. ఖాతా సున్నా.

తేడా ఏ పార్టీ అంకెకూ సరిపోకపోతే రెండు చిట్కాలు. తేడాను 9తో భాగిస్తే శేషం రాకపోతే, ఎక్కడో రెండంకెలు తారుమారై ఉండొచ్చు, 5,400 బదులు 4,500 లాగా. తేడాలో సగం ఏదైనా బిల్లుతో సరిపోతే అది డెబిట్ బదులు క్రెడిట్‌లో పడి ఉంటుంది.

సున్నా వచ్చినంత మాత్రాన అయిపోలేదు. ఒక పార్టీ బిల్లు ఇంకో పార్టీ కింద పడినా సున్నానే వస్తుంది. బాకీల రిపోర్టును ఎక్సెల్‌లోకి దించి, పైన వాడిన SUMIFSతోనే పార్టీవారీగా Bills షీట్‌తో మరోసారి పోల్చండి. ఇదంతా అసలు సిస్టమ్‌లో చేసేముందు టెస్ట్ కాపీలో ఒకసారి చేసి చూస్తే మార్చి 31 రాత్రి టెన్షన్ ఉండదు.

ఏప్రిల్‌లో

మార్చి నెల జీఎస్టీ రిటర్నులు పాత ఎక్సెల్ నుంచే వెళ్తాయి. నెలనెలా వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 ఏప్రిల్ 11కి, జీఎస్టీఆర్-3బి 20కి. 3బి వేశాక పోర్టల్‌లోని ఎలక్ట్రానిక్ క్రెడిట్ లెడ్జర్ తెరిచి, మనం ఎక్కించిన 1,10,000తో పోల్చండి. అంతవరకు ఆ అంకె తాత్కాలికమే అనుకోండి. సప్లయర్ మార్చి బిల్లును ఆలస్యంగా చూపించి ఉంటే ఆ క్రెడిట్ ఇంకా లెడ్జర్‌లోకి రాదు. తేడా వస్తే ఏ బిల్లుదో పేరు రాసుకుని, అది వచ్చేదాకా విడిగా ఒక ఖాతాలో ఉంచండి.

ఈలోగా మార్చి తేదీతో కొరియర్ బిల్లో, కరెంటు బిల్లో ఆలస్యంగా వస్తే కొత్త సిస్టమ్‌లో మార్చి తేదీ వేసి కొట్టొద్దు. ఆడిటర్‌కు చెప్పి పాత పుస్తకంలో వేయించి, ఓపెనింగ్‌లో మారాల్సిన అంకెకు విడిగా ఇంకో Opening Entry వేయండి. మొదటిదాన్ని దిద్దితే ఏ అంకె ఎందుకు మారిందో తరువాత తెలియకుండా పోతుంది. ఆడిటర్ చివరి ట్రయల్ బ్యాలెన్స్ ఇచ్చి అది ఈఆర్పీతో కలిసిన రోజున, మార్చి 31 వరకు ఎవరూ ఎంట్రీ వేయలేకుండా ఖాతాలు లాక్ చేయండి. ఆ లాక్ తీసే అధికారం గుమాస్తాల లాగిన్లలో ఎవరికీ ఇవ్వొద్దు.